మొదటి బాకీ రాసేదాకా: ఒక ఖాతా యాప్‌లో తొలి తెర రాతను మార్చిన కేస్ స్టడీ

నేపథ్యం

చిన్న దుకాణదారులు అరువు లెక్కలు రాసుకోవడానికి తయారైన ఒక మొబైల్ యాప్‌లో, తెర మీద కనిపించే తెలుగు రాతను సరిచేసే పని మా బృందానికి వచ్చింది. యాప్ పేరు, సంస్థ పేరు, మేము వెళ్లిన ఊళ్ల పేర్లు ఇక్కడ ఇవ్వడం లేదు. సంస్థ లోపలి అంకెలు బయటపెట్టే వీలు లేదు కనుక ఏది పెరిగింది, ఏది తగ్గింది, ఏది కదలలేదు అన్నంతవరకే చెబుతాను. ఈ కేసులో పనికొచ్చేది అంకెల కన్నా ఒక్కో నిర్ణయం వెనుక ఉన్న ఆలోచన అని నా అభిప్రాయం.

యాప్ వాడేవారిలో ఎక్కువమంది కిరాణా కొట్టు, ఎరువుల దుకాణం, హార్డ్‌వేర్ షాపు, టైలరింగ్ షాపు నడిపేవారు. వీరందరి దగ్గరా అప్పటికే ఒక ఖాతా పుస్తకం ఉంటుంది. మనిషికొక పేజీ, పేజీకి పైన పేరు, కింద తేదీల వారీగా పద్దులు. యాప్ చేసేది కూడా అదే: పేరు చేర్చాలి, ఆ పేరు కింద ఎంత అరువు ఇచ్చారో, ఎంత వసూలైందో రాసుకోవాలి. కొత్తగా యాప్ వేసుకున్న వ్యక్తి ఒక ఖాతాదారు పేరు చేర్చి, ఆ పేరు కింద ఒక పద్దు రాసి సేవ్ చేస్తే ‘మొదటి పని’ పూర్తయినట్టు సంస్థ లెక్కవేసేది. యాప్ నమోదు చేసే మెట్లు ఇవి:

```
app_open → add_customer_tap → customer_saved → entry_saved
```

యాప్ తెరిచినవారిలో చివరి మెట్టు దాకా వచ్చేవారు తక్కువ. హిందీ వాడుకరుల కన్నా తెలుగు వాడుకరులలో ఆ సంఖ్య ఇంకా తక్కువగా ఉండటం వల్ల లోపం అనువాదంలో ఉందని సంస్థ అనుకుంది. మాకు అప్పగించిన పని కూడా అంతవరకే: టూల్‌టిప్పులను, అంటే తెర మీద చిన్న పెట్టెల్లో వచ్చే సూచనలను, మంచి తెలుగులోకి మార్చి ఇవ్వాలి.

ఎదురైన సమస్య

రాతను ముట్టుకునే ముందు మెట్లను విడివిడిగా చూపమని అడిగాము. మొత్తం ఎంతమంది పూర్తిచేశారన్న ఒక్క అంకె వల్ల రాత రాసేవారికి ఉపయోగం లేదు. మనిషి ఏ తెర మీద ఆగాడో తెలిస్తేనే ఏ వాక్యాన్ని అనుమానించాలో తెలుస్తుంది. విడదీసి చూస్తే జనం రెండు చోట్ల రాలిపోతున్నారు. ఒకటి, ఖాళీగా ఉన్న తొలి తెర మీద. అక్కడ యాప్ తెరిచి, కాసేపు ఉండి, ఏమీ నొక్కకుండా వెళ్లిపోతున్నారు. రెండోది పేరు చేర్చే ఫారంలో. ఫారం తెరుస్తారు, పేరు కొట్టడం మొదలుపెడతారు, సేవ్ చేయకుండా వెనక్కి వస్తారు. ఈ రెండూ దాటినవారు చాలావరకు పద్దు కూడా రాస్తున్నారు. అయితే వారు రాసిన పద్దుల్లో గణనీయమైన భాగం కొన్ని నిమిషాల్లోనే చెరిగిపోతోంది. ఈ మూడో సంగతి సంస్థ నివేదికల్లో లేదు. చెరిపివేతలను విడిగా చూసినప్పుడే బయటపడింది.

అప్పట్లో తొలి తెర ఇలా ఉండేది. తెర మసకబారి, దాని మీద ఒకదాని వెంట ఒకటిగా నాలుగు టూల్‌టిప్పులు వచ్చేవి. మొదటిది ‘ఇక్కడ మీ మొత్తం బ్యాలెన్స్‌ను వీక్షించండి’, రెండోది ‘మీ కస్టమర్లందరినీ జోడించడానికి ఇక్కడ ట్యాప్ చేయండి’, మూడోది ‘రిపోర్టులను డౌన్‌లోడ్ చేసుకోండి’, నాలుగోది ‘మీ వ్యాపార ప్రొఫైల్‌ను పూర్తి చేయండి’. ఒక్కోదాని కింద ‘తర్వాత’ అనే బటన్ ఉండేది. ఇవి పోయాక మిగిలేది ‘డేటా లేదు’ అన్న రెండు మాటలు, కింద మూలన కూడిక గుర్తు ఉన్న ఒక గుండ్రటి బటన్.

మెట్ల లెక్క ఎక్కడ ఆగుతున్నారో చెబుతుందే కానీ ఎందుకో చెప్పదు. అందుకని రెండు తెలుగు రాష్ట్రాల్లోని చిన్న పట్టణాల్లో దుకాణాలకు వెళ్లి, యాప్ ఎప్పుడూ చూడనివారి చేతికి ఫోన్ ఇచ్చి, పక్కన నిలబడి చూశాము. వాడే విధానం మేము చెప్పలేదు. ‘ఇది అరువు లెక్కలు రాసుకునే యాప్, ఇందాక మీరు అరువు ఇచ్చినది ఇందులో రాయండి’ అని మాత్రమే అడిగాము.

ఒక కిరాణా కొట్టులో చూసినది వివరంగా చెప్పాలి, ఎందుకంటే తర్వాతి నిర్ణయాల్లో చాలా భాగం దాని నుంచే వచ్చాయి. యజమానికి యాభై దాటి ఉంటాయి, ఫోన్‌లో అక్షరాలు పెద్దవి చేసుకున్నారు. నాలుగు టూల్‌టిప్పులనూ గబగబా నొక్కి దాటేశారు. తర్వాత ఖాళీ తెర చూసి, గల్లాపెట్టె పక్కనున్న ఖాతా పుస్తకం తీసి, పేజీలు తిప్పుతూ ‘ఇదంతా ఎక్కించాలా?’ అని అడిగారు. మేము జవాబు చెప్పకుండా ఆగాము. కొంతసేపటికి ఆయనే కూడిక గుర్తు నొక్కి, ఒక పేరు కొట్టి, ఫోన్ నంబరు గడి దగ్గర ఆగిపోయారు. నంబరు ఆయనకు తెలుసు, ఫోన్‌లోనే ఉంది. అయినా వేలు కదలలేదు. కారణం అడిగితే, ‘నంబరు కొడితే ఆమెకు మెసేజ్ పోతుందేమో, నాలుగు వందలకు మెసేజ్ పెట్టానని అనుకుంటుంది, మళ్లీ కొట్టుకు రాదు’ అన్నారు.

మిగతా దుకాణాల్లోనూ మాటలు వేరైనా ఈ రెండు ప్రశ్నలే ఎదురయ్యాయి. పుస్తకం మొత్తం ఎక్కిస్తే తప్ప ఇది పనికిరాదా? నేను ఇక్కడ రాసేది నా ఖాతాదారుకు తెలిసిపోతుందా? ఉన్న నాలుగు టూల్‌టిప్పుల్లో ఒక్కటి కూడా ఈ రెండింటికీ జవాబు చెప్పడం లేదు. పైగా ‘కస్టమర్లందరినీ’ అన్న మాట మొదటి భయాన్ని ఖాయం చేస్తోంది. హిందీలో కూడా ఇదే రాత ఉండేది. తెలుగులో ఇబ్బంది ఎక్కువగా కనిపించడానికి కారణం ఏమిటన్నది మేము పూర్తిగా తేల్చలేదు, కానీ అనువాదం ఒక్కటే కారణం కాదని మాత్రం ఇక్కడే అర్థమైంది.

మొదట చేసినవి, అవి ఎందుకు నిలవలేదు

అయినా తొలి ప్రయత్నం టూల్‌టిప్పులను తిరగరాయడమే. దానికి కారణం ఉంది. రాత మార్పు ఒక్కటే అయితే కొత్త వెర్షన్ విడుదల అవసరం లేకుండా సర్వర్ నుంచే మార్చవచ్చు. తక్కువ ఖర్చుతో అయ్యే మార్పు ఎంత దూరం తీసుకెళ్తుందో ముందు తెలుసుకుంటే, డిజైన్ మార్చమని అడిగేటప్పుడు మా మాటకు ఆధారం ఉంటుంది. నాలుగింటిని రెండుకు తగ్గించి, ఒక్కోదాన్ని ఒక చిన్న వాక్యానికి కుదించి, ‘వీక్షించండి’, ‘జోడించండి’ వంటి మాటల స్థానంలో దుకాణంలో వినిపించే మాటలు పెట్టాము.

ఫలితం ఆలోచించదగినది. టూల్‌టిప్పుల వరుసను చివరిదాకా చూసినవారు బాగా పెరిగారు, పద్దు రాసినవారి సంఖ్య మాత్రం దాదాపు కదలలేదు. అంటే జనం పూర్తిచేసింది పరిచయాన్ని, పనిని కాదు. ఒక్కో టూల్‌టిప్ తెర మీద నిలిచిన సమయం చూస్తే వాక్యం చదివేంత సేపు కూడా లేదు. మసక తెర మీద వచ్చే ఏ పెట్టె అయినా, దాని వెనుక ఉన్నదాన్ని చూడటానికి అడ్డుగా ఉంది కనుక, మనిషి ముందుగా దాన్ని తొలగించాలనే చూస్తాడు. అందులో ఎంత మంచి వాక్యం ఉన్నా అది అడ్డంకిలో భాగమే. ఇంకో కారణం, ఆ వాక్యం అవసరం కన్నా ముందే వస్తోంది. పేరు చేర్చే ఫారం తెరవకముందే ఫారం గురించి చెబితే, ఫారం తెరిచేసరికి అది గుర్తుండదు.

రెండో ప్రయత్నం ఖాళీ తెర మీద ఒక నమూనా ఖాతా పెట్టడం. ‘డేటా లేదు’ అని కనిపించే చోట, పద్దు రాశాక తెర ఎలా ఉంటుందో ముందే చూపిస్తే సంకోచం తగ్గుతుందని డిజైనర్ ప్రతిపాదించారు. చాలా రకాల యాప్‌లలో ఈ పద్ధతి బాగా పనిచేస్తుంది కనుక ప్రయత్నించదగినదే. ‘రమణ’ పేరుతో ₹350 బాకీ ఉన్న ఒక వరుస పెట్టి, పక్కన చిన్న అక్షరాల్లో ‘నమూనా’ అని రాశాము.

దీన్ని దుకాణంలో చూపిన మొదటి పూటే దాని లోపం తెలిసింది. ‘ఈ రమణ ఎవరు? ఈయన బాకీ నా లెక్కలోకి ఎలా వచ్చింది?’ అని ఒక ఎరువుల దుకాణదారు అడిగారు. తెర పైభాగంలో ‘మీకు రావలసినది ₹350’ అని మొత్తం కూడా కనిపిస్తోంది. డబ్బు లెక్క రాసుకునే చోట తను రాయని అంకె ఒకటి కనిపిస్తే, అది నమూనా అని పక్కన రాసినా, ఆ లెక్క మీద నమ్మకం పోతుంది. ఇంకొకరి లెక్క ఇందులోకి వస్తే నా లెక్క ఇంకెక్కడికి పోతుందోనన్న అనుమానం అక్కడే మొదలైంది. కొత్తవారిలో చాలామంది ముందు ఆ నమూనాను చెరిపే దారి వెతికారు. మొదటి పని చేయించాల్సిన తెర మొదటి చెరిపివేత నేర్పుతోంది. నమూనా పద్ధతిని పూర్తిగా వదిలేశాము. ఫొటోలు, పాఠాలు, వంటల వంటి విషయాల్లో నమూనా చూపడం వేరు, లెక్కల పుస్తకంలో చూపడం వేరు.

ఇదే కోవలో మరో చిన్న సంగతి. సొమ్ము రాసే గడిలో బూడిద రంగులో ‘500’ అని ఉదాహరణ కనిపించేది. ఎండలో, వెలుతురు తగ్గించిన ఫోన్‌లో అది నిజంగా రాసిన అంకెలాగే ఉంది. కొందరు గడి అప్పటికే నిండిందనుకుని నేరుగా సేవ్ నొక్కి, ఎర్ర రంగులో వచ్చిన తప్పు సందేశం చూసి ఆగిపోయారు. ఉదాహరణ తీసేసి, గడి పైన ‘ఎంత సొమ్ము?’ అన్న ప్రశ్నను శాశ్వతంగా ఉంచాము. గడి లోపల ఉండే సూచన కొట్టడం మొదలుపెట్టగానే మాయమవుతుంది. గడి పైన ఉన్న ప్రశ్న మధ్యలో ఖాతాదారు వచ్చి పలకరించి వెళ్లినా అక్కడే ఉంటుంది. కొట్టులో పని ఎప్పుడూ మధ్యలో తెగుతూనే ఉంటుంది కనుక ఈ తేడా చిన్నది కాదు.

ఏది పనిచేసింది

ఈ రెండు ప్రయత్నాల తర్వాత ఒక నియమం పెట్టుకున్నాము. తెర మీది ప్రతి వాక్యం పక్కన, అది ఏ ప్రశ్నకు జవాబో రాయాలి. ఆ ప్రశ్న దుకాణంలో మేము నిజంగా విన్నది అయి ఉండాలి. ప్రశ్న రాయలేకపోతే వాక్యం తీసేయాలి. నాలుగు టూల్‌టిప్పులూ ఈ పరీక్షలో పోయాయి. మొత్తం బ్యాలెన్స్ ఎక్కడ కనిపిస్తుందని కానీ, రిపోర్టు ఎలా దించుకోవాలని కానీ మొదటి రోజు ఎవరూ అడగలేదు.

తొలి తెర మీద ఇప్పుడు మూడే ఉన్నాయి. పెద్ద అక్షరాల్లో ‘ఈ రోజు అరువు తీసుకున్న ఒక్కరితో మొదలుపెట్టండి’. దాని కింద ‘పాత పుస్తకం మొత్తం ఎక్కించాల్సిన పని లేదు. ఎవరైనా కొట్టుకు వచ్చినప్పుడు వారి పాత బాకీ రాసుకోవచ్చు.’ ఆ కింద, గుండ్రటి గుర్తుకు బదులు తెర వెడల్పున ‘పేరు రాయండి’ అన్న బటన్. ‘ఒక్కరితో’ అన్న మాట కోసం బృందంలో చాలా చర్చ జరిగింది. ఖాతాదారుల సంఖ్య పెరగడమే సంస్థకు లాభం కదా, ఒక్కరు చాలని ఎందుకు చెప్పాలని అడిగారు. పుస్తకంలో వంద పేర్లున్న మనిషి, వందా రాస్తే తప్ప ఫలితం లేదనుకుంటే ఒక్కటీ రాయడు, సాయంత్రం తీరికగా చూద్దామని పక్కన పెడతాడు, ఆ సాయంత్రం మాత్రం రాదు అన్నది మా వాదన. పాత బాకీ గురించిన రెండో వాక్యం కూడా అందుకే అవసరం. ఒక్కరితో మొదలుపెట్టమని చెప్పి ఊరుకుంటే, మిగిలినవారి లెక్క ఏమవుతుందన్న ప్రశ్న అలాగే ఉండిపోతుంది.

ఈ మార్పు ఒక్కటే విడుదల చేసినప్పుడు తొలి తెర నుంచి ఫారం దాకా వచ్చేవారు స్పష్టంగా పెరిగారు. ఫారంలో ఆగిపోయేవారి వాటా మాత్రం అలాగే ఉంది. ఇది మేము ఊహించినదే, ఎందుకంటే రెండో ప్రశ్నకు ఇంకా జవాబు ఇవ్వలేదు.

రెండో ప్రశ్న దగ్గర రాత ఒంటరిగా ఏమీ చేయలేకపోయింది. ‘మీరు పంపితే తప్ప వారికి మెసేజ్ వెళ్లదు’ అని రాస్తే సరిపోతుందని అందరికీ తోచింది. కానీ యాప్ అప్పటికి చేస్తున్నది దానికి వ్యతిరేకం. నంబరు ఉంటే, పద్దు సేవ్ కాగానే ఖాతాదారుకు ఎస్సెమ్మెస్ దానంతట అదే వెళ్లేది. ఆపే మీట ఒకటి ఉంది కానీ అది సెట్టింగుల లోపల ఉంది, మొదటి నుంచే ఆన్‌లో ఉంటుంది. అంటే కొట్టు యజమాని భయం అపోహ కాదు, నిజం. ఆ స్థితిలో ‘మీ సమాచారం భద్రం’ వంటి మెత్తటి మాటతో సర్దిపెట్టే దారి కూడా ఒకటి ఎదురుగా ఉంది. దానికి మేము ఒప్పుకోలేదు. మొదటి మెసేజ్ వెళ్లిన రోజునే అది అబద్ధమని తెలుస్తుంది, ఆ తర్వాత తెర మీద ఏమి రాసినా ఆ మనిషి నమ్మడు.

ఆ ఎస్సెమ్మెస్‌లో యాప్ లింకు కూడా ఉండేది కనుక, దాన్ని ఆపితే కొత్తవారు రావడం తగ్గుతుందని ప్రచార విభాగం అభ్యంతరం చెప్పింది. ఆ అభ్యంతరం న్యాయమైనదే. చివరకు కుదిరిన ఒప్పందం ఇది: ఎస్సెమ్మెస్ మొదట ఆఫ్‌లో ఉంటుంది. పద్దు సేవ్ అయ్యాక, వెళ్లబోయే మెసేజ్ మొత్తం తెర మీద చూపించి, ‘ఇది పంపమంటారా?’ అని అడుగుతుంది. ఆ మార్పు విడుదలయ్యాకనే కింది వాక్యాన్ని నంబరు గడి కింద పెట్టాము:

```xml
<string name="phone_help">నంబరు లేకపోయినా ఖాతా రాసుకోవచ్చు. మీరు పంపితే తప్ప వారికి మెసేజ్ వెళ్లదు.</string>
```

ఇది టూల్‌టిప్ కాదు, గడి కింద ఎప్పుడూ ఉండే సహాయ వాక్యం. అలా ఎంచుకోవడానికి దుకాణాల్లో చూసిన ఒక వాస్తవం కారణం. చాలా కొట్లలో యాప్ వేసేది కొడుకో కూతురో, వాడేది తండ్రి. ఒక్కసారే కనిపించి పోయే టూల్‌టిప్‌ను యాప్ వేసినవారు నొక్కి పంపేస్తారు. అవసరమైన మనిషి దాన్ని చూడనే చూడరు. యాప్ దృష్టిలో మాత్రం ‘చూపించాము’ అని నమోదై ఉంటుంది. భయం తీర్చే వాక్యం ఆ భయం కలిగే చోటే, కలిగిన ప్రతిసారీ కనిపించాలి.

అదే ఫారంలో కాంటాక్టుల అనుమతి కూడా ఒక అడ్డంకి. ఫారం తెరవగానే ‘మీ కాంటాక్టులను చూడటానికి అనుమతించాలా?’ అని ఆండ్రాయిడ్ పెట్టె వచ్చేది. ఆ పెట్టెలోని మాటలు ఆండ్రాయిడ్‌వి, యాప్ వాటిని మార్చలేదు. మార్చగలిగేది దానికి ముందు చూపే రాతను మాత్రమే. పైగా ఆండ్రాయిడ్ 11 నుంచి ఒక అనుమతిని రెండుసార్లు కాదంటే ఫోన్ ఆ పెట్టెను మళ్లీ చూపదు, సెట్టింగుల్లోకి వెళ్లి ఇవ్వాల్సిందే. అందుకని పెట్టెకు ముందు నచ్చజెప్పే రాత రాయడానికి బదులు, అనుమతి అక్కరలేని దారి ఉందా అని ఇంజినీర్లను అడిగాము. ఉంది. ఫోన్‌లోనే ఉన్న కాంటాక్టుల జాబితాను `ACTION_PICK` ద్వారా తెరిస్తే, వాడుకరి ఎంచుకున్న ఒక్క పేరు మాత్రమే యాప్‌కు అందుతుంది, `READ_CONTACTS` అనుమతి అడగనక్కరలేదు. ‘ఫోన్‌లోని పేర్లలోంచి ఒకటి తీసుకోండి’ అన్న చిన్న బటన్‌తో పని తీరిపోయింది.

ఎస్సెమ్మెస్ మార్పు, సహాయ వాక్యం, ఈ బటన్ కలిసి ఫారం దగ్గర ఆగిపోయేవారిని బాగా తగ్గించాయి. ఈ మూడింటిలో దేని వాటా ఎంతో విడదీసి చెప్పలేను, ఎందుకంటే వాక్యాన్ని ఎస్సెమ్మెస్ మార్పు లేకుండా విడిగా పరీక్షించడం సరికాదు. గమనించదగిన విషయం ఏమిటంటే, నంబరు తప్పనిసరి కాదని రాసినా నంబరు ఇచ్చేవారు తగ్గలేదు. మెసేజ్ తమ చేతిలో ఉందని తెలిశాక చాలామంది నంబరు కూడా ఇచ్చారు.

ఇక చెరిగిపోతున్న పద్దుల సంగతి. పద్దు రాసే తెర మీద రెండు బటన్లు ఉండేవి: ఎర్రది ‘ఇచ్చారు’, పచ్చది ‘తీసుకున్నారు’. తెలుగులో ‘ఇచ్చారు’ అంటే మీరు ఇచ్చారనీ అవుతుంది, ఆవిడ ఇచ్చారనీ అవుతుంది. క్రియకు ఉన్న గౌరవ రూపం రెండు చోట్లా ఒకటే. పేరు తెర పైన ‘లక్ష్మి’ అని ఉండగా కింద ‘ఇచ్చారు’ అని కనిపిస్తే, లక్ష్మి డబ్బు ఇచ్చిందని చదవడమే సహజం. అరువు రాయబోయి జమ రాస్తున్నారు, మొత్తం తలకిందులు కావడం చూసి చెరిపేస్తున్నారు. ఇప్పుడు బటన్ల మీద ‘బాకీ రాయండి’, ‘జమ రాయండి’ అని ఉన్నాయి. వాటి కింద చిన్న అక్షరాల్లో ‘సరుకు ఇచ్చినప్పుడు’, ‘డబ్బు వచ్చినప్పుడు’ అని ఉంది. ఈ రెండు మాటలూ కాగితం పుస్తకంలో ఉన్నవే కాబట్టి వీటికి వివరణ అవసరం కాలేదు. చెరిపివేతలు తగ్గాయి.

పద్దు సేవ్ అయ్యాక వచ్చే వరుసను కూడా మార్చాము. ‘విజయవంతంగా సేవ్ చేయబడింది’ అన్న మాట యాప్ తన పని చేసిందని చెబుతుంది, మనిషి రాసినది సరైనదో కాదో చెప్పదు. దాని బదులు రాసిన లెక్కను తిరిగి చదివి వినిపించాలనుకున్నాము. ‘లక్ష్మి మీకు ₹240 ఇవ్వాలి’ అన్న వాక్యం మొదట బాగుందనిపించింది. కానీ ఖాతాదారుల పేర్లు ‘మేడ మీద ఆంటీ’, ‘బస్టాండ్ టైలర్’, ఇంగ్లీషు అక్షరాల్లో ‘Ramesh’ ఇలా ఉంటాయి. పేరు మీద విభక్తి చేరినా, పక్కన ‘గారు’ చేరినా ఎక్కడో ఒకచోట ఎబ్బెట్టుగా వస్తుంది. అందుకే పేరును కదపకుండా ఉంచే రూపం తీసుకున్నాము:

```xml
<string name="entry_saved">%1$s – బాకీ ₹%2$s. తప్పుంటే ఇక్కడ సరిచేయండి.</string>
```

పాత నాలుగు టూల్‌టిప్పులూ పోయాక చివరికి ఒక్క టూల్‌టిప్పే పెట్టాము, అదీ కొత్త రాతతో, కొత్త చోట. బాకీ ఉన్న ఖాతాదారు పేజీని రెండోసారి తెరిచినప్పుడు, ‘జమ రాయండి’ బటన్ పక్కన ‘కొంత సొమ్మే ఇచ్చినా ఇక్కడ రాయండి, మిగిలిన బాకీ దానంతట అదే లెక్క అవుతుంది’ అని వస్తుంది. మొదటి రోజు ఎవరూ జమ రాయరు కనుక ఆ రోజు ఇది అవసరం లేదు. తెర మసకబారదు, పక్కన ఎక్కడ నొక్కినా టూల్‌టిప్ తొలగిపోతుంది, కింది గడినీ కీబోర్డునూ కప్పదు. ఫోన్‌లో అక్షరాల పరిమాణం బాగా పెంచి దీన్ని చూసినప్పుడు మూడో వరుసలో వత్తులు కింద కోసుకుపోయాయి. తెలుగు అక్షరానికి కిందా పైనా గుర్తులు వస్తాయి కాబట్టి పెట్టె ఎత్తును స్థిరంగా ఉంచకుండా రాతతో పాటు పెరిగేలా చేయించాము. రాతను సమీక్షించేటప్పుడు కంప్యూటర్ మీద వాక్యాల పట్టిక చూస్తే ఇది కనిపించదు. చిన్న ఫోన్‌లో, పెద్ద అక్షరాలతో, కీబోర్డు తెరిచి చూడాలి.

ఈ కేసు నుంచి తీసుకున్నవి

మొదటిది కొలత గురించి. పద్దు సేవ్ అయితే పని అయినట్టే అన్న నిర్వచనాన్ని మధ్యలోనే మార్చాల్సి వచ్చింది. ‘abc’ పేరుతో ఒక రూపాయి రాసి చూసినవారు కూడా ఆ లెక్కలో పూర్తిచేసినవారే అవుతారు. రాతను ఇంకాస్త ఒత్తిడి చేసేలా రాస్తే అలాంటి పద్దులు పెరుగుతాయి, అంకె బాగుంటుంది, దుకాణంలో ఏమీ మారదు. అందుకని మొదటి పద్దు చెరగకుండా ఉండటం, తర్వాతి రోజుల్లో అదే ఫోన్ నుంచి మరో పద్దు రావడం, ఈ రెండూ ఉంటేనే లెక్కలోకి తీసుకున్నాము. ఈ కొత్త కొలతతో చూసినప్పుడు తొలి తెర మార్పు వల్ల వచ్చిన మెరుగుదల పాత కొలతలో కనిపించిన దాని కన్నా తక్కువే, కానీ నిలబడింది. బటన్ల మార్పు విలువ మాత్రం కొత్త కొలతలోనే బయటపడింది.

రెండోది పోల్చే పద్ధతి. పాత రాత ఒక నెల, కొత్త రాత మరో నెల పెట్టి పోల్చకూడదని పట్టుబట్టాము. జీతాలు అందే నెల మొదట్లో వసూళ్లు, నెలాఖరున అరువులు, ఎరువుల దుకాణాల్లో పంట కాలాన్ని బట్టి పెద్ద పద్దులు ఉంటాయి. అరువు ఎక్కువగా ఇచ్చే రోజుల్లో యాప్ వేసుకున్న మనిషి ఏ రాత ఉన్నా పద్దు రాస్తాడు. కొత్తగా వచ్చేవారిని అదే సమయంలో రెండుగా విభజించి, నెల తిరిగేదాకా ఆపకుండా చూస్తేనే తేడా రాత వల్ల వచ్చిందని చెప్పగలం. తెలుగు వాడుకరుల సంఖ్య హిందీ వారి కన్నా తక్కువ కావడం వల్ల కూడా తొందరగా తేల్చడం కుదరదు. రెండు మూడు రోజుల అంకెలు చూసి గెలిచిందనుకున్న ఒక మార్పు నెల చివరికి సమానంగా తేలింది.

మూడోది పని అప్పగించే తీరు. అనువాదం సరిచేయమని వచ్చిన పనిలో చివరకు ఎస్సెమ్మెస్ మీట, కాంటాక్టుల అనుమతి, పెట్టె ఎత్తు మారాయి. ఒక వాక్యం నిజం కావాలంటే యాప్ ఏమి చేయాలన్నది రాసేవారే ముందుగా అడగాలి. ఇప్పుడు మా వాక్యాల పట్టికలో ప్రతి వరుసకూ మరో నిలువు గడి ఉంది: ఈ వాక్యం నిజంగా ఉండటానికి ఆధారపడే సెట్టింగు ఏది? ఎస్సెమ్మెస్ నియమం ఎవరైనా మార్చబోతే, `phone_help` వాక్యాన్ని కూడా అదే రోజు మార్చాలని ఆ గడి గుర్తుచేస్తుంది.

తీరని సమస్య ఒకటి ఉంది. పాత బాకీని ఎలా రాయాలన్నది ఇంకా ఇబ్బందిగానే ఉంది. ‘ఎవరైనా కొట్టుకు వచ్చినప్పుడు వారి పాత బాకీ రాసుకోవచ్చు’ అని తొలి తెర చెబుతుంది కానీ, ఆ సమయం వచ్చినప్పుడు చాలామంది పాత బాకీని ఆ రోజు అరువుతో కలిపి ఒకే పద్దుగా రాస్తున్నారు. మొత్తం సరిపోతుంది, కానీ ఖాతాదారుకు మెసేజ్ పంపితే ‘ఈ రోజు ₹1,240 బాకీ’ అని వెళ్తుంది, దాని మీద తగాదా వస్తుంది. దీనికి పద్దు తెర మీద ఒక సహాయ వాక్యం పెట్టి చూశాము, తేడా రాలేదు. కొత్త పేరు చేర్చిన వెంటనే ‘ఇంతకు ముందు బాకీ ఉందా?’ అని ఒక విడి గడిలో అడగాలన్నది ఇప్పుడున్న ప్రతిపాదన. దానివల్ల మొదటి పనికి ఒక మెట్టు పెరుగుతుంది కనుక, ముందుగా ఎరువుల దుకాణాల వరకే పరీక్షిస్తున్నారు. పాత బాకీలు పెద్దవిగా ఉండేది అక్కడే.